నెల తప్పితే అది ముట్లుడగడమేనా?

డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 46. ఇద్దరు పిల్లలు, చిన్నది ఎనిమిదో తరగతి. ఆపరేషన్ చేయించుకోలేదు. 34వ ఏట కాపర్ టీ వేయించుకుని, పదేళ్లు నిండాక తీయించుకున్నాను. ఇంకొకటి వేయమంటారా అని అడిగితే, ఈ వయసులో ఎందుకులే అని వద్దన్నాను. మూడేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. ఏడాదిగా నెలసరి గాడి తప్పింది. మార్చి 3న వచ్చాక ఏప్రిల్‌లో రాలేదు. రాత్రిళ్లు ఒళ్లంతా సెగలు, చెమటలు. మే 6న ఎఫ్ఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయిస్తే 38 వచ్చింది. ల్యాబ్ అబ్బాయి "మెనోపాజ్ వచ్చేసిందండీ" అన్నాడు. మా తోటికోడలూ అదే మాట అంది. మా వారు ఆ మాట పట్టుకుని నిరోధ్ పూర్తిగా మానేశారు. మే 20 ప్రాంతంలో కలిసిన తర్వాత ఎందుకో భయం వేసి, 28న కిట్‌తో చూసుకుంటే ఒకే గీత వచ్చింది. జూన్ 4న మళ్లీ నెలసరి వచ్చింది. దానికి ముందు వారం రోజులు రొమ్ములు బరువెక్కి సలపరించాయి, పూర్వం వచ్చినట్టే. గడ్డలు గడ్డలుగా ఎనిమిది రోజులు పోయింది. హిమోగ్లోబిన్ 9.2 ఉంది. ఆ తర్వాత మేం కలవలేదు. నాకు ఇంకా జాగ్రత్త అవసరమా? అవసరమైతే ఎన్నాళ్లు? మాత్రలు వేసుకోవచ్చా? ఎవరినీ అడగలేక రాస్తున్నాను.

— ఒక పాఠకురాలు

మీకు ఇంకా జాగ్రత్త అవసరమే. ఎందుకో చెప్పడానికి నేను వేరే ఉదాహరణలు వెతకనక్కరలేదు, మీరు రాసిన తేదీలే చాలు.

మన వాళ్లు "నెల తప్పింది" అంటే పాతికేళ్ల అమ్మాయి విషయంలో అందరికీ తోచేది ఒక్కటే, కడుపు పండిందని. అదే మాట నలభై ఆరేళ్ల ఆవిడ చెబితే ముట్లు ఉడుగుతున్నాయని తోస్తుంది. రెండు సందర్భాల్లోనూ ఒంట్లో కనిపించేది ఒకటే లక్షణం, రక్తస్రావం రాకపోవడం. వయసును బట్టి దాని అర్థాన్ని మనమే తేల్చేసుకుంటాం. మీ ఈడు స్త్రీలు చిక్కుల్లో పడేది సరిగ్గా అక్కడే.

అండం విడుదలైన సుమారు రెండు వారాలకు నెలసరి వస్తుంది. ఈ రెండు వారాల గడువు పెద్దగా మారదు. మారేది దానికి ముందు భాగం, అంటే అండం పక్వానికి రావడానికి పట్టే కాలం. యౌవనంలో అది కూడా రెండు వారాలే కావడం వల్ల అంతా కలిపి 28 రోజుల లెక్క కుదిరేది. ముట్లుడిగే వయసు దగ్గర పడేకొద్దీ ఈ ముందు భాగం ఒకసారి పది రోజులకే ముగియవచ్చు, మరోసారి రెండున్నర నెలలు సాగవచ్చు, కొన్నిసార్లు అండమే విడుదల కాకుండా పోవచ్చు. ఇప్పుడు మీ లెక్క చూద్దాం. జూన్ 4 నుంచి రెండు వారాలు వెనక్కి వెళితే మే 21, 22 తేదీలు వస్తాయి. అంటే మార్చి 3 తర్వాత దాదాపు ఎనభై రోజులకు, "మెనోపాజ్ వచ్చేసింది" అని మీరు విన్న తర్వాత పదిహేను రోజులకు, మీ అండాశయం ఒక అండాన్ని విడుదల చేసి ఉండే అవకాశం బలంగా ఉంది. అండం లేకుండా కూడా రక్తస్రావం జరగవచ్చు కనుక ఖాయమని నేను చెప్పలేను. అయితే ముందు వారమంతా రొమ్ములు పూర్వంలా సలపరించాయని రాశారు. అండం విడుదలయ్యాక పెరిగే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను ఉన్నప్పుడు సాధారణంగా అలా అనిపిస్తుంది. పురుషుని వీర్యకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకు బతికి ఉండగలవు. మీకు భయం వేసిన ఆ మే 20, ఆ మూడు నెలల్లోనూ గర్భం రావడానికి అన్నిటికంటే అనువైన రోజుల్లో ఒకటి అయి ఉండవచ్చు. మీ భయం వెర్రి భయం కాదు.

ఇందులో గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. అండం ముందు, నెలసరి తర్వాత. కాబట్టి ఆగిపోయిన నెలసరి మళ్లీ మొదలయ్యాక జాగ్రత్త పడదాంలే అనుకుంటే కుదరదు, ఎందుకంటే ఆ రక్తస్రావం కనిపించేసరికి ప్రమాదపు రోజులు దాటిపోయి ఉంటాయి. రోజులు లెక్కపెట్టి "సేఫ్ పీరియడ్" పాటించే పద్ధతి కూడా ఈ వయసులో పనికిరాదు, క్రమం ఉన్నప్పుడే ఆ లెక్కకు అర్థం ఉంటుంది.

మరి ఆ 38 సంగతి ఏమిటని మీరు అడుగుతారు. పరీక్ష తప్పని నేను అనడం లేదు, దాన్ని అర్థం చేసుకోవడంలోనే పొరపాటు జరిగింది. ఎఫ్ఎస్‌హెచ్ అన్నది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి అండాశయానికి పంపే పిలుపు. లోపలి నుంచి జవాబు రాకపోతే గడప దగ్గర నిలబడ్డ మనిషి గొంతు పెంచి పిలిచినట్టు, అండాశయం స్పందించనప్పుడు ఆ గ్రంథి ఎఫ్ఎస్‌హెచ్‌ను పెంచుతుంది. మే 6న పిలుపు అంత గట్టిగా ఉంది, అంతే. అలా గట్టిగా పిలిచినప్పుడే మిగిలి ఉన్న అండాలలో ఒకటి కదలవచ్చు, కొన్నిసార్లు రెండు కూడా కదలవచ్చు. పెద్ద వయసు తల్లులకు కవలలు పుట్టడం కొంత ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. అండం కదిలి ఈస్ట్రోజెన్ అనే హార్మోను తయారుకావడం మొదలయ్యాక ఎఫ్ఎస్‌హెచ్ మళ్లీ తగ్గుతుంది. అదే పరీక్ష మే మూడో వారంలో చేయించి ఉంటే 10 వచ్చి ఉన్నా నేను ఆశ్చర్యపోను. ఏ ఒక్క రోజు అంకెనో చూసి మీ వయసులో గర్భనిరోధం ఆపడం సరికాదు. రాత్రిపూట సెగలు, చెమటలు కూడా ఇటువంటివే. అవి హార్మోన్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయని చెబుతాయి గానీ అండాలు అయిపోయాయని చెప్పవు.

మీ తోటికోడలు మాట గురించి కూడా కొంచెం చెప్పాలి. ఆవిడ చెడ్డగా చెప్పలేదు, తెలిసినదే చెప్పారు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవారే, తెలంగాణలోనూ ఆ సంఖ్య 60 శాతం పైనే. మన ఇళ్లలో చాలామంది రెండో కాన్పుతోనే ఆ పని ముగించేస్తారు. నలభై ఐదేళ్లకు నెలసరి తప్పినప్పుడు వాళ్లకు గర్భం గురించి ఆలోచించే అవసరమే రాదు. కాబట్టి ఆ అనుభవం నుంచి వచ్చిన సలహా, ఆపరేషన్ లేని మీకు వర్తించదు. ఆవిడ కూడా ఆపరేషన్ చేయించుకున్నారేమో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

గర్భం వచ్చే అవకాశం ఎంత అంటే, పాతికేళ్ల వయసుతో పోలిస్తే చాలా తక్కువ. ఆ మాట దాచి మిమ్మల్ని భయపెట్టడం నాకు ఇష్టం లేదు. కానీ ఈ వయసులో గర్భం వస్తే దానితో వచ్చే ఇబ్బందులు మాత్రం తక్కువగా ఉండవు. 45 దాటాక వచ్చే గర్భాలలో సగానికి పైగా వాటంతట అవే పోతాయి. నిలబడిన వాటిలో డౌన్ సిండ్రోమ్ వచ్చే అవకాశం 45 ఏళ్ల వద్ద ముప్పై కాన్పులకు ఒకటి చొప్పున ఉంటుంది. ఇప్పటికే బీపీ ఉన్న మీకు గర్భంలో అది ఇంకా పెరిగి గుర్రపు వాతం దాకా వెళ్లే ప్రమాదం ఉంది. పైగా 9.2 హిమోగ్లోబిన్‌తో గర్భస్రావమైనా కాన్పైనా తట్టుకోవడం కష్టం.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ఆలస్యంగా తెలియడం. పొట్ట ఉబ్బరమని, గ్యాస్ మాత్రలు పనిచేయడం లేదని నా దగ్గరకు వచ్చిన 45 ఏళ్ల ఆవిడ ఒకరు నాకు ఇప్పటికీ గుర్తు. నాలుగు నెలలుగా నెలసరి లేకపోతే "ఆగిపోయింది, పీడా పోయింది" అనుకున్నారట. స్కానింగ్ బల్ల మీద పడుకుని తెర వైపు చూస్తూ, గుండె కొట్టుకోవడం కనిపించగానే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. అప్పటికి పదిహేడు వారాలు. మన దేశ చట్టం ప్రకారం గర్భనిరోధక సాధనం విఫలమై వచ్చిన గర్భాన్ని 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయంతో తీయించుకోవచ్చు. ఆవిడకు మిగిలింది మూడు వారాలు. ఎనిమిదో వారంలో మాత్రలతో ముగిసిపోయే పని, ఆ దశలో ఆసుపత్రిలో చేరి నొప్పులు పడవలసిన పని అవుతుంది.

కాబట్టి నెలసరి ఆలస్యమైనప్పుడు పరీక్ష చేసుకునే పద్ధతి తెలిసి ఉండాలి. మీరు మే 20 నాటి కలయికకు 28న పరీక్ష చేసుకున్నారు. అది ఎనిమిది రోజులే కనుక గర్భం ఉన్నా ఒకే గీత వచ్చి ఉండేది. జాగ్రత్త లేకుండా కలిసిన రోజు నుంచి మూడు వారాలు నిండాక, ఉదయం మొదటి మూత్రంతో చేసిన పరీక్షనే నమ్మవచ్చు. ఇక్కడ నెలసరి తప్పిన తేదీని లెక్కలోకి తీసుకోవద్దు, మీకిప్పుడు ఆ తేదీయే లేదు. కలిసిన తేదీయే లెక్క. జూన్ 4న వచ్చిన రక్తస్రావం పూర్తిగా నెలసరిలాగే ఉందని మీరు రాసినా, గడ్డలతో ఎనిమిది రోజులు పోయింది కాబట్టి తొలి వారాల గర్భస్రావం కాదని తేల్చుకోవడానికి ఇప్పుడు ఒకసారి కిట్‌తో చూసుకోండి. రెండు గీతలు కనిపిస్తే మాత్రం మెడికల్ షాపులో అడిగి గర్భస్రావం మాత్రలు తెచ్చుకుని వేసుకోకండి. గర్భం గర్భసంచిలోనే ఉందా, ట్యూబులో ఉందా అన్నది స్కానింగ్‌లో తేలాలి. ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పనిచేయవు, ఈలోగా ట్యూబు పగిలితే ప్రాణాల మీదకు వస్తుంది.

ఇక మీరు ఎంచుకోగల మార్గాలు. బీపీ, రక్తహీనత, ఎక్కువగా పోయే రక్తం, ఈ మూడూ మీ ఎంపికను చాలావరకు నిర్ణయిస్తాయి.

మీరు అడిగిన మాత్రలలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ రెండూ కలిసి ఉండే మామూలు గర్భనిరోధక మాత్రలు మీకు తగవు. 46 ఏళ్ల వయసుకు బీపీ తోడైనప్పుడు ఈస్ట్రోజెన్ రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని, పక్షవాతం ప్రమాదాన్ని పెంచుతుంది. బీపీ మాత్రతో అదుపులో ఉన్నా సరే, ఈ మాట మారదు. వాటిని వేసుకున్నన్నాళ్లూ నెలనెలా రక్తస్రావం కనిపిస్తుంది కానీ అది మాత్ర ఆపినందుకు వచ్చేదే తప్ప సహజమైనది కాదు, కాబట్టి మీ ముట్లు ఎప్పుడు ఆగాయో కూడా తెలియదు.

మీ పరిస్థితిలో నేను మొదట ఆలోచించేది హార్మోను లూప్. కాపర్ టీ లాగే గర్భసంచిలో అమరుస్తారు, కానీ రాగికి బదులు అందులో లీవోనార్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిరాన్ రకం హార్మోను ఉండి రోజూ కొద్దికొద్దిగా గర్భసంచి పొరకే అందుతుంది. ఆ పొర పలచబడడం వల్ల రక్తస్రావం బాగా తగ్గుతుంది, దానితో హిమోగ్లోబిన్ కోలుకుంటుంది. ఇందులో ఈస్ట్రోజెన్ లేదు కనుక మీ బీపీకి అడ్డం కాదు. 52 మిల్లీగ్రాముల రకాన్ని 45 దాటాక వేయించుకుంటే గర్భనిరోధానికి 55 ఏళ్ల వరకు మార్చనక్కరలేదని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి, అంటే మీకు ఇదే ఆఖరిది కావచ్చు. ఇబ్బందులూ చెబుతాను. మొదటి మూడు నుంచి ఆరు నెలలు కొంచెం కొంచెంగా మరకలు కనిపిస్తూనే ఉంటాయి. ఆ దశలోనే విసిగిపోయి తీయించేసుకునేవారు చాలామంది. ఖర్చు కొన్ని వేల రూపాయలు. అది వేసుకున్నాక కొందరికి నెలసరి పూర్తిగా ఆగుతుంది, అది ముట్లుడగడం కాదు. ఒక్క ముఖ్యమైన షరతు: గడ్డలుగా రక్తం పోతోంది కాబట్టి ముందు స్కానింగ్, అవసరమైతే గర్భసంచి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేయించిన తర్వాతే దాన్ని వేయించుకోవాలి. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డ గానీ, పొర మితిమీరి పెరగడం గానీ ఉంటే దారి మారుతుంది.

ఆ స్కానింగ్ తర్వాత ఎవరైనా వెంటనే "గర్భసంచి తీసేద్దాం, రక్తం బాధా ఉండదు, గర్భం బాధా ఉండదు" అంటే ఆగి ఆలోచించండి. ఈ ఆపరేషన్ దేశంలోనే ఎక్కువగా జరిగేది మన రెండు రాష్ట్రాల్లో. మందుకు, లూప్‌కు లొంగని రక్తస్రావానికీ, క్యాన్సర్ లక్షణాలకూ అది అవసరమే. కేవలం నెలసరి గాడి తప్పిందనో, గర్భం రాకూడదనో మాత్రం అది చేయించుకోవలసినది కాదు. మరో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి.

కాపర్ టీ మీకు పరిచయమైనదే. నలభై దాటాక వేయించుకున్న కాపర్ టీని ముట్లు ఆగే వరకూ ఉంచుకోవచ్చు కూడా. కానీ అది రక్తస్రావాన్ని పెంచుతుంది, 9.2 దగ్గర ఉన్న మీకు నేను దాన్ని సూచించను. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు ఈస్ట్రోజెన్ లేనివే, కొందరికి సరిపోతాయి. అయితే మూడు నెలలకోసారి వేసే ఆ ఇంజెక్షన్ ఎముకల సాంద్రతను కొంత తగ్గిస్తుంది, ముట్లుడిగే ముందు అది మంచిది కాదు. ఛాయ మాత్ర నెలసరిని వెనక్కి జరుపుతుంది కాబట్టి, ఇప్పటికే తప్పుతున్న మీ లెక్క ఇంకా అయోమయం అవుతుంది. ట్యూబులు ముడివేసే ఆపరేషన్ ఇప్పుడైనా చేయించుకోవచ్చు గానీ, మిగిలిన నాలుగైదేళ్ల కోసం రక్తహీనతతో మత్తుమందు తీసుకోవడం అవసరమా అన్నది ఆలోచించాలి, పైగా రక్తస్రావానికి దానివల్ల ఉపయోగం లేదు.

మీవారికి సంబంధించినవి రెండు ఉన్నాయి. నిరోధ్ ప్రతిసారీ వాడితే మీ వయసులో అది చాలా మంచి రక్షణే, మీ శరీరంలో గర్భధారణ శక్తి తగ్గడం దానికి తోడవుతుంది. "ప్రతిసారీ" అన్న మాట దగ్గరే అది తేలిపోతుంది. రెండోది వేసెక్టమీ, అంటే మగవారికి చేసే పిల్లల ఆపరేషన్. కోత, కుట్లు లేని పద్ధతిలో అరగంట లోపు పని, అదే రోజు ఇంటికి రావచ్చు, పటుత్వానికి ఏ లోటూ రాదు. వెంటనే పనిచేయదు, మూడు నెలల తర్వాత వీర్యపరీక్షలో కణాలు లేవని తేలే వరకు నిరోధ్ వాడాలి. మన రాష్ట్రాల్లో దీన్ని చేయించుకునే పురుషులు చాలా అరుదు. ఇద్దరు పిల్లల్ని కని, పదేళ్లు కాపర్ టీ మోసిన మీరు, ఈ కొన్నేళ్ల బాధ్యతను ఆయన తీసుకోవాలని కోరడం అన్యాయమేమీ కాదు. "వయసు అయిపోయిందిగా" అని ఆయన అంటే వాదించకండి. మార్చి 3, మే 6, జూన్ 4 తేదీలను ఒక కాగితం మీద రాసి, మధ్యలో మే 20 రాసి చూపించండి.

ఏ మార్గమూ తేల్చుకోక ముందే ఎప్పుడైనా జాగ్రత్త తప్పితే, 72 గంటల లోపు వేసుకునే 1.5 మిల్లీగ్రాముల లీవోనార్జెస్ట్రెల్ అత్యవసర మాత్ర మీరు వేసుకోవచ్చు, బీపీ దానికి అడ్డం కాదు. ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. అది నెలసరి తేదీని మరింత చెదరగొడుతుంది కనుక మూడు వారాల తర్వాత కిట్ పరీక్ష తప్పనిసరి. దాన్ని నెలనెలా వాడే పద్ధతిగా పెట్టుకోకండి. మరొక సంగతి: సెగల కోసం ఎవరైనా హార్మోను చికిత్స మొదలుపెడితే, ఆ మాత్రలు గర్భాన్ని ఆపవు. అందులో ఉండే మోతాదు అండాన్ని ఆపడానికి చాలదు.

ఎన్నాళ్లు అన్నదానికి జవాబు మీ ఆఖరి నెలసరి ఏ వయసులో వస్తుందన్న దానిపై ఆధారపడుతుంది. ఆ ఆఖరి రక్తస్రావం 50 నిండక ముందు వస్తే దాని తర్వాత రెండేళ్లు, 50 దాటాక వస్తే ఒక ఏడాది జాగ్రత్త కొనసాగించాలి. వయసు తక్కువగా ఉన్నప్పుడు అండాశయం ఎక్కువ కాలం నిద్రపోయి మళ్లీ మేలుకునే వీలుంది కాబట్టే ఈ తేడా. మన దేశంలో స్త్రీలకు సగటున 46, 47 ఏళ్లకే ముట్లు ఆగుతాయి. ఒకవేళ జూన్ 4న వచ్చినదే మీ ఆఖరిదైతే, రెండేళ్ల తర్వాత జూన్ వరకు జాగ్రత్త పాటించి ఆపవచ్చు. మధ్యలో ఒక్కసారి వచ్చినా ఆ తేదీ నుంచి లెక్క మళ్లీ మొదలు. 55 నిండాక నెలసరి ఇంకా వస్తున్నా గర్భం రావడం అత్యంత అరుదు కనుక అప్పుడు ఎవరైనా ఆపవచ్చు. ఈ లెక్క హార్మోన్లు వాడని వారికి. మీరు హార్మోను లూప్ వేయించుకుంటే రక్తస్రావాన్ని బట్టి లెక్కించలేరు. 50 దాటాక ఎఫ్ఎస్‌హెచ్ చేయించి, 30కి మించి ఉంటే మరో ఏడాది ఉంచి తీయించవచ్చు, లేదా ఏ పరీక్షా లేకుండా 55 వరకు ఉంచుకోవచ్చు. ఇక, ఏడాది పాటు పూర్తిగా ఆగిపోయాక ఎప్పుడైనా చుక్క రక్తం కనిపించినా, గర్భం సంగతి పక్కనపెట్టి, వెంటనే డాక్టరుకు చూపించాలి.

డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు గడిచిన ఏడాది నెలసరి తేదీలు గుర్తున్నంత వరకు రాసుకుని, మే 6 నాటి రిపోర్టు, హిమోగ్లోబిన్ రిపోర్టు, మీరు వేసుకునే బీపీ మాత్ర చీటీ తీసుకువెళ్లండి. ఆ వారంలో మూడు రోజులు బీపీ చూపించి ఆ అంకెలు కూడా రాసుకోండి. అప్పటిదాకా నిరోధ్.